రోజు అద్దె

మా టెంట్ హౌస్ కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కన. పెళ్లివాళ్లంటే నాకు ఒళ్లుమంట. సామాను కావాలన్నప్పుడు బావా, బావా అంటారు. కుర్చీ విరిగితే మాత్రం వచ్చినప్పుడే విరిగుందంటారు. అందుకే నా లెక్క గట్టిగా ఉంటుంది. కుర్చీకి ఇంత, షామియానాకి ఇంత, సీరియల్ లైట్లకి ఇంత అని రోజు అద్దె. ఆటో రానుపోను ఖర్చు ఒక్కసారే. సామాను తిరిగొచ్చాక లెక్కపెట్టుకుని, విరిగినవీ చిరిగినవీ అడ్వాన్సులోంచి పట్టుకుంటాను.

చావు ఇంటి దగ్గర మాత్రం రోజు అద్దె తీసుకోను. ఆటో ఖర్చు, పాడైనవాటి ఖరీదు ఇస్తే చాలు. అది మా నాన్న పెట్టిన పద్ధతి. ఈ సంగతి సముద్రం ఒడ్డునున్న జాలరిపేటలో కూడా అందరికీ తెలుసు.

ఆ పేటలో చేపలమ్మే పోతమ్మ తన కొడుకు రాము పెళ్లికి రెండు రోజులకి సామాను మాట్లాడుకుంది. ఒడ్డుకి ఎదురుగా పేటవాళ్ల ఫంక్షన్ హాలుంది. హాల్లో కుర్చీలు వేసి, ముందు షామియానా కట్టి, గోడ నిండా లైట్లు దించాం. పెళ్లి ముందురోజు తెల్లవారేసరికి ఆమె మొగుడు వరహాలు ఒక్కడే పడవ వేసుకుని వేటకి వెళ్లాడు. కొడుకు పెళ్లి భోజనంలో కొన్న చేప పెడితే తలెత్తుకోలేనని అతని పట్టుదల. మధ్యాహ్నం గాలి లేచింది. చీకటి పడేలోగా అన్ని పడవలూ ఒడ్డుకి చేరాయి, అతనిది తప్ప. పెళ్లి ఆగిపోయింది.

రెండు రోజులూ అయ్యాక సామాను తెచ్చుకుందామని వెళ్లాను. వన్ టౌన్‌లో వేరే పెళ్లికి ఆ కుర్చీలే ఒప్పుకుని ఉన్నాను. పోతమ్మ హాలు మెట్ల మీద సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంది.

"ఇప్పకు తమ్ముడూ. లైట్లు దూరానికి అవుపిత్తాయి. అయి సూసుకుని వచ్చెత్తాడు" అంది.

ఆమె మీద భారం పడకూడదని, "సరే అప్పా, ఉండనీ. రోజు అద్దె ఇవ్వొద్దులే, ఆటో ఖర్చు ఇద్దువుగాని" అన్నాను.

ఆమె గబుక్కున లేచింది.

"ఏటీ? ఏల వద్దంతన్నావ్? నా మొగుడు సచ్చిపోనాడని నీకెవుడు సెప్పినాడు? ఇది పెళ్లి టెంటు. రోజుకెంతో అంతా రాయి. ఒక్క రూపాయి తగ్గించావో, మళ్లీ నా గుమ్మం తొక్కకు!"

మంచి చేయబోయి ఎంత మాట అన్నానో అప్పుడు తెలిసింది. నోరు మూసుకుని సరే అన్నాను. వన్ టౌన్ వాళ్లకి కుర్చీలు వేరేచోట అద్దెకి తెచ్చి వేశాను.

పేటలో వేట ఆపేశారు. పడవలన్నీ రోజూ వెతకడానికే వెళ్లేవి. నేను కూడా ఏదో పని కల్పించుకుని హాలుకి వెళ్లేవాణ్ణి. ఆరిపోయిన బల్బులు మార్చేవాణ్ణి. సముద్రం మీద ఏ పడవ కనిపించినా నాకూ గుండె కొట్టుకునేది.

వారం దాటాక భీమిలి వైపు బోల్తాపడిన పడవ దొరికింది. మనిషి లేడు. దాన్ని ఒడ్డుకి లాక్కొచ్చిన రోజు రాము లైట్ల స్విచ్ కట్టేయబోయాడు.

"అయ్య రాడే అమ్మా! ఎవుల కోసమే ఈ లైట్లు?"

పోతమ్మ వాడి చెంప మీద ఒక్కటిచ్చింది. వాడు చేతికందిన కుర్చీ ఎత్తి నేలకేసి కొట్టాడు. ఇంకోటి కొట్టాడు. ఆ తర్వాత నన్ను పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె మాత్రం వెళ్లి మళ్లీ స్విచ్ వేసింది.

మరో మూడు రోజులకి పొద్దున్నే పోతమ్మ మా షాపుకి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఇరిగిన కుర్చీలు రెండూ అడ్వాన్సులో పట్టుకో తమ్ముడూ" అంది.

"దానికేటప్పా, తరవాత సూసుకుందాం."

"నిన్నటిదాకా అద్దె పెళ్లి లెక్కలోనే కట్టు. దాన్ని తగ్గించకు."

"అలాగే."

పైట చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఇయ్యాల అందరూ వేటకి ఎల్లిపోనారు. ఎతకడానికి ఎవులూ ఎల్లలేదు" అంది. "ఆల తప్పేటుంది? పిల్లలున్నోళ్లు."

నేను లెక్కల పుస్తకం ముందుకి లాక్కున్నాను.

"కుర్చీలు, టెంటు ఉండనీ. పరామర్సకి సుట్టాలొత్తారు. లైట్లు తీయించీ." ఇంకో మాట కోసం చాలాసేపు పెనుగులాడింది. "ఇయ్యాల్టి నుంచి... అద్దె రాయకు తమ్ముడూ."

ఇన్నేళ్ల వ్యాపారంలో ఎవరినీ అద్దె కోసం బతిమాలుకోలేదు. ఆ రోజు బతిమాలుకున్నాను.

"ఇంకొక్క రోజు రాసుకుంతానప్పా. ఒక్క రోజు."

ఆమె నా వంక చూసి, తల అడ్డంగా ఊపింది.