వద్దన్నారని కూడా రాయాలి

కమలాకర్ సార్ వద్దంటే వద్దే. బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంటుకి ఆయన హెడ్ అయిన నాటి నుంచీ నడుస్తున్న చట్టం అదొక్కటే. శుక్రవారం మధ్యాహ్నం, ఆయన కింద ప్రాజెక్టు చూసుకునే స్నేహలత ఆయన గదిలో నిలబడి, రేపు పగలంతా బిల్డింగుకి కరెంటు ఉండదని, జనరేటర్ చూస్తే పాడై కూర్చుందని, ఫ్రీజర్‌లో ఉన్న రక్తం శాంపిల్స్‌ని సోమవారం దాకా జెనెటిక్స్ వాళ్ల ఫ్రీజర్‌లో పెట్టుకుందామని చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి తీరిగ్గా తుడుచుకున్నాడు.

“జనరేటర్ మంచిగ నడుస్తున్నదని నేను పైకి రాసిచ్చిన. ఇప్పుడు నువ్వు పోయి పక్కోళ్లను అడిగితే నా మాట ఏంగావాలె?”

“కానీ సార్, అది నడుస్తలేదు కదా.”

“ఫ్రీజర్ తలుపు తీయకుంటే ఏం గాదు. గా నాగేంద్ర దగ్గరికి మాత్రం పోవద్దు.”

జెనెటిక్స్ ప్రొఫెసర్ నాగేంద్రకీ ఈయనకీ ఉప్పూ నిప్పూ. ఎందుకో క్యాంపస్‌లో ఎవరూ చెప్పలేరు, బహుశా వాళ్లకీ గుర్తుండి ఉండదు. ఇద్దరు పెద్దమనుషుల పంతానికి మధ్యలో నలిగేది మాత్రం ఎప్పుడూ చిన్నవాళ్లే.

స్నేహలత బయటికొచ్చింది గానీ ఒళ్లు మండిపోతోంది. తలుపు తీయకపోతే ఏం కాదట. ఆ ఫ్రీజర్ తలుపు రబ్బరు ఎప్పుడో చీలిపోయింది, సందుల్లోంచి మంచు పేరుకుని బయటికే కనబడుతుంది. కరెంటు పోయిందంటే సాయంత్రానికి లోపల ఉన్నదంతా కరుగుతుంది. ఆ శాంపిల్స్ సికిల్ సెల్ జబ్బున్న పిల్లలవి. ఆదిలాబాద్ గూడేల్లో తల్లులు ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఏడుస్తున్న పిల్లల చెయ్యి పట్టుకుని తీయించిన రక్తం. ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు లేరు. మళ్లీ వెళ్లి అడుగుదామంటే ఎవరిని అడగాలి?

ప్రాజెక్టులో పనిచేసే తేజస్వి తార్నాకలో మెడికల్ షాపు ముందు ఎదురుచూస్తోంది. వ్యాక్సిన్లు వచ్చిన ఖాళీ థర్మాకోల్ పెట్టెలు షాపువాళ్లని బతిమాలి తీసుకుంది. శాంపిల్స్ దారిలో కరగకుండా డ్రై ఐస్ ముషీరాబాద్ నుంచి ఆటోలో తెచ్చుకుంది. ఇక మిగిలింది నాగేంద్ర సార్ ఒప్పుకోవడమే.

“నిన్నటి నుంచి మెసేజ్‌లు పెడతానే ఉన్నాను మేడమ్. జవాబు లేదు,” అని తేజస్వి ఫోన్ చూపించింది.

చూసి స్నేహలత నెత్తి పట్టుకుంది. మొదట ‘గుడ్ మార్నింగ్ సార్’, కింద పువ్వు బొమ్మ. తర్వాత ‘సార్, ఫ్రీగా ఉన్నారా?’ ఆ తర్వాత ‘చిన్న పని ఉంది సార్, ఒక్క కాల్ చేయొచ్చా?’ చివర రెండు దండం బొమ్మలు. మన క్యాంపస్ మర్యాద ఇది. విషయం చెప్పకుండా తలుపు దగ్గర నిలబడి దగ్గుతూ ఉండటం. ఆ పెద్దమనిషికి రోజుకి ఇలాంటివి ఎన్ని వస్తాయో, ఏది సీటు సిఫార్సో, ఏది మార్కుల గోలో ఆయనకేం తెలుస్తుంది?

“పువ్వులు చూసి ఫ్రీజర్ తాళం ఇస్తడా తేజస్వీ? విషయం ఏందో చెప్పాలె కదా.”

“అంత పెద్ద ప్రొఫెసర్‌కి ఒకేసారి అంతా రాసేస్తే బాగుండదేమోనని...”

“బాగుంటది. రాయకుంటేనే బాగుండదు.”

నాగేంద్ర ఆ సాయంత్రం దాకా వేరే బిల్డింగులో వైవాలో ఉన్నాడు. అది అయ్యాక అటునుంచి అటే కడప బస్సెక్కుతాడట. తలుపు తట్టి కలిసే దారి లేదు. స్నేహలత టీ కొట్టు బల్ల మీద కూర్చుని తన ఫోన్‌లో రాయడం మొదలుపెట్టింది.

‘నాగేంద్ర గారూ, నేను స్నేహలత, బయోకెమిస్ట్రీ. మీరు ఊరికి బయల్దేరేలోపు ఐదు నిమిషాలు ఫోన్‌లో మాట్లాడాలి. రేపు పగలంతా మా బిల్డింగుకి కరెంటు లేదు, జనరేటర్ పాడైంది. సికిల్ సెల్ పిల్లల రక్తం శాంపిల్స్ ఎనిమిది బాక్సులు సోమవారం దాకా మీ మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో పెట్టనివ్వాలి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేయించాం, అన్నీ నెగెటివ్. డ్రై ఐస్‌లో మేమే తెస్తాం, మేమే తీసుకెళ్తాం. మీరు తేల్చాల్సింది చోటు ఉందా, తాళం ఇవ్వగలరా అన్నదే. ఏ అరలో, ఎలా పెడితే మీ శాంపిల్స్‌కి ఇబ్బంది ఉండదో అడగడానికే ఫోన్. కుదరకపోతే లేదు అని ఒక్క మాట పెట్టండి చాలు, వేరే చోటు వెతుక్కుంటాను.’

అంతవరకూ చదివిన తేజస్వి మొహం వెలిగింది. కానీ స్నేహలత వేలు ఆగలేదు. ఇంకో వాక్యం చేర్చింది. ‘మా హెడ్ గారు మిమ్మల్ని అడగవద్దన్నారు. ఆయన మాట కాదని అడుగుతున్నాను.’

“అయ్యో మేడమ్, అది తీసేయండి. అది చూస్తే ఆయన మన జోలికే రాడు.”

“రేపు మా సారు పోయి ఆయన మీద పడితే? ఏంది ఎట్లున్నదో తెల్వకుండ ఆయన ఒప్పుకుంటే అది ఒప్పుకోవుడు గాదు, మనం మోసం చేసినట్టు.”

“మరి మన శాంపిల్స్?”

ఆ ఒక్క వాక్యంతో అంతా పోవచ్చని స్నేహలతకీ తెలుసు. అయినా తీయబుద్ధి కాలేదు. పంపేసింది.

టీ చల్లారిపోయింది. తేజస్వి మొహం ముడుచుకుని థర్మాకోల్ పెట్టెల మూతలు తీస్తూ పెడుతూ కూర్చుంది. రోడ్డు మీద బస్సులు మోతెక్కిస్తున్నాయి. ఆ మోతలో ఫోన్ మోగింది.

“ఏమ్మా, నేను నాగేంద్రని. వైవా మధ్యలో లేచి వచ్చినా. చోటు ఉండాది. వయల్స్ ఏమన్నా పగిలినవి, కారేవి ఉండాయా?”

“లేవు సార్. అన్నీ చూసిన.”

“కింది అర ఖాళీ. బాక్సులన్నీ ముందే వరసగా సర్దుకోని, ఒక్కసారి తలుపు తీసి పెట్టేయండి. మళ్లీ మళ్లీ తీయొద్దు. తాళం మా అటెండర్ సత్తయ్య ఇస్తాడు. ఇంగొకటి. ఈ మెసేజ్ మీ హెడ్‌కు పంపినావా?”

“లేదు సార్.”

“పంపు. దొంగచాటుగా నేనేమీ పెట్టుకోను. ఆయన నాతో కొట్లాడేది ఉంటే కొట్లాడనీ, నాకు అలవాటే. నువ్వు మాత్రం ముందు పంపు, తర్వాత బాక్సులు తీసుకోని పో.”

మాట్లాడింది ఐదు నిమిషాలు కూడా కాలేదు. స్నేహలత అదే మెసేజ్‌ని, ఒక్క అక్షరం మార్చకుండా, కమలాకర్ సార్‌కి పంపింది. పైన ఒక మాట రాసింది: ‘నాగేంద్ర గారు ఒప్పుకున్నారు. ఇప్పుడే తీసుకెళ్తున్నాం.’ తేజస్వి ఆమె వైపు భయంగా చూసింది. స్నేహలతది ఏటేటా కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్న ఉద్యోగమని ఆ పిల్లకీ తెలుసు.

ఇద్దరూ క్యాంపస్‌కి వచ్చి బాక్సుల్ని డ్రై ఐస్‌లో సర్ది, జెనెటిక్స్ బిల్డింగు మెట్లెక్కారు. సత్తయ్య తాళం తీసి పక్కకి నిలబడ్డాడు. బాక్సులు వరసగా కింది అరలోకి వెళ్లాయి, తలుపు పడింది. తలుపు మీద ఉష్ణోగ్రత చూపే ఎర్రటి అంకె కాస్త పైకెక్కి మళ్లీ మెల్లగా దిగడం మొదలుపెట్టింది. అప్పుడు మోగింది ఫోన్. కమలాకర్ సార్.

తేజస్వి ఎత్తొద్దని చేత్తో సైగ చేసింది. స్నేహలత ఎత్తింది.

“ఎవర్ని అడిగి చేసినవ్?”

“అడిగిన సార్, మీరు వద్దన్నరు. అందుకే మీకు చెప్పి చేసిన.”

“నీ రెన్యువల్ కాగితం నా టేబుల్ మీదికే వస్తది. యాదున్నదా?”

స్నేహలత తగ్గలేదు.

“యాదున్నది సార్. గా కాగితం మే నెలల వస్తది. కరెంటు రేప్పొద్దున పోతది.”