వెనుక అట్ట మీద నాలుగు లైన్లు

మా ఆయనకు శాలువాలకు తక్కువ లేదు. బీరువాల పై అర మొత్తం అవే. దసరాకు ఇల్లు దులిపేటప్పుడు ఒక్కొక్కటి తీసి, "ఇది జగిత్యాలల కప్పిండ్రు, ఇది మంచిర్యాలల" అని మురుసుడు ఆయన పని. "చలికాలం ఒక్కటన్న కప్పుకోవయ్యా, బీరువాకెందుకు సలి?" అని తిట్టుడు నా పని. ఆయన పేరు కరుణాకర్. సర్కారు హైస్కూల్ల తెలుగు సారు, కథలు రాస్తడు. కథలు మంచిగనే ఉంటయి, మొగుడని చెప్తలేను. ఆయన గురించి ఆయన రాసుకున్నదే చదువలేం.

ఇగ ఆయన మొదటి పుస్తకం అచ్చుకు పోయింది. హైదరాబాదు పబ్లిషర్ దగ్గర సృజన అని ఎడిటర్ పిల్ల ఉన్నది. వెనుక అట్ట మీద వేయడానికి మీ పరిచయం నాలుగు లైన్లు పంపండి సార్ అన్నది. ఈయన రెండు పేజీలు పంపిండు. బహుముఖ ప్రజ్ఞాశాలి అట. సాహితీ కృషీవలుడట. ఎన్నో అవార్డులు ఈయనను వరించినయట, పెండ్లిపిల్లలు వరుసకట్టినట్టు. తన గురించి తనే! సదువుతుంటే నాకే సిగ్గయింది. ఆ పిల్ల మర్యాదస్తురాలు. "సార్, ఇంట్లో ఎవరైనా ఒకసారి చూసి కుదిస్తే బాగుంటుంది" అన్నదట. ఇంట్ల ఎవరున్నరు? నేనే.

"రోజా, జర చూడవా" అని ఫోను నా చేతుల పెట్టిండు. నేను డిగ్రీ దాకా చదివినదాన్ని. ఆయన రాసిన ప్రతి కథ మొదలు నేనే చదువుత. కత్తిరించుడంటే నాకు భలే ఉషారు.

సృజనకు ఫోన్ చేసి, "ఏది ఉంచాల్నో, ఏది తీసెయ్యాల్నో జర చెప్పు బిడ్డా" అన్న.

"ఆంటీ, సార్‌ని అసలు తెలియనివాళ్లు బుక్ ఫెయిర్‌లో పుస్తకం తిప్పి చూస్తారు. అనంతపురం అతనో, శ్రీకాకుళం ఆమెనో అనుకోండి. వాళ్లకు ఏది తెలిస్తే ఈ మనిషి రాసింది చదవాలనిపిస్తుంది? అదే ఉంచండి. బిరుదులు వద్దు. ఎవరిచ్చారో చెప్పలేని అవార్డు వద్దు. పొగడ్త మాటలొద్దు, 'అందుకున్నారు' అంటే చాలు. పెద్దదొకటి చెప్తే చాలు, పది చెప్తే ఆ పెద్దది కూడా చిన్నదైపోతుంది."

ఎంత మంచి మాట! నాకు మస్తు నచ్చింది. ఆ పిల్ల ముందల కూసుంటే బుగ్గలు పుణికేదాన్ని.

ఇగ షురూ చేసిన. మొదలు పోయింది పరశురాములు ఇచ్చిన 'విశ్వ సాహితీ శిఖర' పురస్కారం. పరశురాములు మా ఊరోడే, తన పేరు మీదనే ఒక అకాడమీ పెట్టుకున్నడు. ఉగాదికి ఒక్కనాడే లారీ నిండ మనుషులను సన్మానం చేస్తడు, శాలువా ఖర్చు, ఫోటో ఖర్చు కప్పించుకున్నోళ్లదే. 'విశ్వ' అని, 'అంతర్జాతీయ' అని పేరు ఎంత పెద్దగుంటే తెలిసినోళ్లకు అంత అనుమానం. మా ఆయన అబ్బ అన్నడు, ఉష్ అన్నడు. నేను వినలే. పట్నంల ఎవరో ఇచ్చిన 'కథా కిరీటి' బిరుదు పోయింది. క్లబ్బోళ్లు, యువజన సంఘమోళ్లు, మండల ఆఫీసోళ్లు ఇచ్చినయి పోయినయి. యూనివర్సిటీ కథా పురస్కారం ఉంచిన. అది కమిటీ చదివి ఇచ్చింది, ఎక్కడోళ్లకైనా తెలుస్తది.

ఇగ మిగిలింది దీపిక స్మారక పురస్కారం.

ఇది చెప్పాలె. మా వెనుక వాడకట్టుల లింగవ్వ ఉంటది. బీడీలు చేసి చేసి చేతివేళ్లు నల్లగైన మనిషి. ఒక్కతే బిడ్డ, దీపిక. మా ఆయన దగ్గర చదివిన పిల్ల. కాలేజీకి పోయొచ్చి, బీడీలు చేసే ఆడోళ్ల నడుమ కూసుండి, పేపర్ల వచ్చిన మా ఆయన కథలు పైకి చదివేది. ఆడోళ్లు చేతులు ఆపకుంట వినేటోళ్లు. డిగ్రీ ఆఖరు సంవత్సరంల డెంగ్యూ జ్వరమొచ్చి పోయింది. ఏడాది తిరిగినంక లింగవ్వ కుల సంఘం హాలు అడిగి, మైకు పెట్టించి, బిడ్డ పేరు మీద మా ఆయనకు ఒక అవార్డు ఇచ్చింది. "నా బిడ్డ నోటితోని ఈ సారు కథలు విన్నం" అని ఒక్క మాట చెప్పి, ఏడ్వకుంట కూసున్నది. ఈయన ఊకుంటడా? మైకు అందుకొని, "నా పుస్తకం అచ్చయిన్నాడు దీపిక పేరు అందుల ఉంటది" అన్నడు. అగో, అప్పటినుంచి లింగవ్వ కిరాణా దుకాణంల కనిపిస్తే చాలు, "అచ్చయిందా బిడ్డా? పేరు పడ్తది గదా?" అని అడుగుడే. బిడ్డ పెండ్లి కార్డు మీద పడవలసిన పేరు అక్కడైతే పడలే, పుస్తకంల పడితే చూస్త అనేది.

"గది ఉండనియ్యే రోజా. లింగవ్వకు మాటిచ్చిన" అన్నడు మా ఆయన.

"అనంతపురమోనికి దీపిక ఎవరో తెలుస్తదా?" అన్న నేను. కొత్తగ నేర్చిన మాటాయె, నోట్ల ఆడుతుండె. "పరశురాములును తీసేసి లింగవ్వను ఉంచితే, వాడకట్టు ముచ్చట అట్ట మీదకెక్కినట్టు ఉంటది. లింగవ్వకు నేను చెప్త తియ్."

సృజన కూడ అడిగింది. నేను పాతదీ కొత్తదీ పంపితే రెండూ చూసి, "ఆంటీ, ఈ దీపిక స్మారక పురస్కారం ఏంటి? ఎవరిచ్చారు?" అన్నది.

"అదా? చిన్నది. వాడకట్టుల ఒక ముసలామె ఇచ్చింది" అన్న.

"అలాగా. మీ ఇష్టం ఆంటీ" అన్నది. అంతకంటే నేనేం చెప్పలే. ఆమె ఏం అడుగలే.

అట్ట ఫోటో వాట్సాపుల పెట్టంగనే పరశురాములు ఫోన్ చేసిండు. "ఏమ్మా, అకాడమీ పేరే లేదు? శాలువా కప్పించుకునేటప్పుడు గుర్తున్నం, ఇప్పుడు మర్చిండ్రా?" అని లొల్లి. ఇక్కడ రివాజే అది. సన్మానం చేసినోళ్లు నీ పరిచయంల తమ పేరు వెతుక్కుంటరు, లేకపోతే మొఖం తిప్పుకుంటరు. నేను వదుల్తనా? "నీ విశ్వం మా గల్లీ దాటలే అన్నా, పుస్తకం దాటాలె" అన్న. ఫోన్ పెట్టేసి కడుపుబ్బ నవ్విన. ఆ లొల్లిల, ఆ ఉషారుల, లింగవ్వకు చెప్తనన్నది నాకు యాదికే రాలే.

ఆవిష్కరణ కరీంనగర్ల, బస్టాండు దగ్గరి ఫంక్షన్ హాలు పైఅంతస్తుల పెట్టినం. పొద్దున్నే లింగవ్వ వచ్చేసింది. పక్కింటి సక్కుబాయిని, ఇంకిద్దరు బీడీల ఆడోళ్లను ఆటోల ఎక్కించుకొని వచ్చింది. అందరు పండుగ చీరెలు కట్టుకున్నరు. నన్ను చూసి, "వచ్చినం బిడ్డా" అని ముందట వరుసల కూసున్నరు. అప్పుడు యాదికొచ్చింది! ఛీ, ఇంత మనిషిని, ఆ మాట ఎట్ల మర్చిన? లేసి పోయి చెవుల చెప్తమనుకున్న. కని, ఏమని చెప్పాలె? అనంతపురమోనికి నీ బిడ్డ తెల్వదవ్వా అనాల్నా?

స్టేజి మీద పెద్దమనుషులు రంగు కాగితం విప్పి పుస్తకం ఎత్తి పట్టుకున్నరు. చప్పట్లు. లింగవ్వ చేతులు ఎర్రగ అయ్యేదాక కొట్టింది. మా ఆయన నా దిక్కు చూసిండు. ఆయనకు సుత లింగవ్వ కండ్లబడ్డది. ఏం జేద్దామన్నట్టు చూపు. నేను తల దించుకున్న.

ప్రసంగాలు కాంగనే లింగవ్వ అమ్మే బల్ల కాడికి పోయి పుస్తకం కొన్నది. ఉట్టిగ ఇస్తమంటే వద్దన్నది. "నా బిడ్డ పేరున్న పుస్తకం పుణ్యానికి తీసుకుంటనా?" అన్నది. హైదరాబాదు నుంచి వచ్చిన సృజన అప్పటికే అక్కడ నిలవడి లింగవ్వతోని ముచ్చటవెడ్తున్నది. నేను ఉరికినట్టే పోయిన, కని ఆలస్యమైంది. లింగవ్వకు చదువొచ్చు, రాత్రిబడిల నేర్చుకున్నది, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదువుతది. పుస్తకం తిప్పి, వెనుక అట్ట మీద వేలు పెట్టి, పైకి చదువుడు మొదలువెట్టింది. సక్కుబాయి, మిగిలిన ఆడోళ్లు చుట్టు నిలవడ్డరు.

"కరుణాకర్... కరీంనగర్ జిల్లాలో... తెలుగు ఉపాధ్యాయుడు. ఇరవై ఏండ్లుగా... కథలు రాస్తున్నారు. విశ్వవిద్యాలయ కథా పురస్కారం... అందుకున్నారు. ఇది ఆయన మొదటి పుస్తకం."

వేలు అక్కడ ఆగింది. ఆ కింద ఏం లేదు. సగం అట్ట తెల్లగ, ఖాళీగ ఉన్నది. డిజైను అట్లనే బాగుంటదన్నరు, నేను బాగుందన్న. లింగవ్వ వేలు ఆ తెల్లజాగ మీద కిందిదాక పోయింది, ఏమన్న సన్నగ రాసి ఉన్నదేమో అన్నట్టు. మళ్ల మీదికెళ్లి ఒకసారి చదివింది. ముందట పేజీలు తిప్పింది. ఆఖరు పేజీ చూసింది. సక్కుబాయి, "ఏదే లింగవ్వా, పిల్ల పేరు?" అన్నది.

నేను నోరు తెరిచిన. "అవ్వా, అది..."

లింగవ్వ నా మొఖం చూసింది. నాకు తెల్వకుంటనే నా కండ్ల ఏం కనబడ్డదో, ఆమె నా చెయ్యి పట్టుకొని సక్కుబాయి దిక్కు తిరిగింది. "జాగ సాలనట్టున్నది. పెద్ద పెద్దయి ఉంటయి గదనే సారుకు. అన్ని ఎక్కడ పడ్తయి?" అన్నది.

జాగ సాలలేదట! సగం అట్ట ఖాళీగ కండ్ల ముందట ఉంటే, నా పరువు కాయడానికి నలుగురి నడుమ ఆమె ఆ మాట అన్నది. భూమి పగిలితే అండ్ల పోదుమనిపించింది.

సృజన మెల్లగ నా పక్కకొచ్చి, "ఆంటీ, ఈమేనా? ఆ పిల్ల వీళ్లకు కథలు చదివి వినిపించేదట కదా, ఇప్పుడే చెప్పింది నాకు. నాకు మీరు ఇది చెప్పలేదు" అన్నది. తిట్టలే. అడిగింది, అంతే. చిన్నది, వాడకట్టుల ముసలామె ఇచ్చింది అని చెప్పిన మాట నా చెవులల్లనే మోగింది. తెల్వనోళ్లకు ఏం నచ్చుతదో నాకు తెలుసని నేనెట్ల అనుకున్న? దీపిక ఎవరో తెల్వని ఈ పిల్లనే అడిగింది గదా, అప్పుడన్న చెప్పకపోతి.

మా ఆయన వచ్చిండు. తప్పు నాది అని ఆయన అనలే. "అవ్వా, మాట తప్పిన, నన్ను తిట్టు" అని నిలవడ్డడు. అది ఇంకా నన్ను కోసింది.

"ఊకో సారూ, నిన్ను తిట్టడానికి వచ్చిన్నా? పెన్నున్నదా?" అన్నది లింగవ్వ.

ఆయన జేబుల పెన్ను తీసి ఇచ్చిండు. లింగవ్వ పుస్తకాన్ని బల్ల మీద బోర్లించి, ఆ తెల్లజాగల వంకర అక్షరాలతోని, నాలుక కొస పండ్ల నడుమ పట్టుకొని, దీపిక అని రాసింది. రాసి ఊది ఆరబెట్టింది. బల్ల మీద మిగిలిన పుస్తకాల కుప్ప దిక్కు చూసి, నాతోని మెల్లగ అన్నది:

"గీ ఒక్కదాంట్ల రాసుకున్న బిడ్డా. మిగిలినయి మీయి గదా, వాటిని ముట్ట."