లెక్క ముందే చూపించిన రోజు

గ్రామఫోను సారు తన నోటికాడి కూడు లాగేశాడని మైకు బాబాయ్ ఇప్పటికీ టీ కొట్టు దగ్గర దొరికినవాడికల్లా చెబుతుంటాడు. ఆ రోజు బొత్తాం నొక్కిన వేలు ఎవరిదో మాత్రం చెప్పడు.

కాలేజీలో మూడు వందల కుర్చీల పెద్ద హాలు. దాని వెనక, పైన, అద్దాల గదిలో కూర్చుని మైకులూ తెరా చూసుకోవడం బాబాయ్ పని. ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాడు, రోజు కూలి మీద అప్పటికి పదకొండేళ్లుగా డిగ్రీ పాఠాలు వింటున్నాడు. ఫిజిక్సు శాఖకి పెద్ద గ్రామఫోను సారు. ఇరవై రెండేళ్లుగా అదే పాఠం, ఇరవై మూడో నిమిషంలో అదే జోకు. అయినా కాదనకూడదు, మాట ముత్యాల సరమే. నాలుగు పుస్తకాల్లో చెల్లాచెదురుగా ఉన్నదాన్ని గంటలో ఒక్క దారానికి గుచ్చి మూడు వందల మందికీ ఒకేసారి పంచిపెట్టేవాడు. ఎవరికి అందిందో, ఎవరికి నేలపాలైందో ఆయనకి పట్టదు. పైనున్న బాబాయ్‌కి తెలిసేది. పావుగంట దాటిందంటే తలకాయలు వరసగా వాలిపోయేవి.

ఆ ఏడాది కాంట్రాక్టు మీద ఒక మేడమ్ వచ్చింది. పన్నెండు నిమిషాలు చెప్పి ఆపేసేది. తెర మీద ఒక ప్రశ్న, కింద మూడు జవాబులు. పక్కవాడి వైపు చూడకుండా ఎవరి ఫోనులో వాళ్లు ఓటు నొక్కాలి. ఆ తర్వాత రెండు నిమిషాలు పక్కవాడితో వాదించుకుని మళ్లీ నొక్కాలి. అప్పుడుగాని తను విడమరిచి చెప్పేది కాదు. గంట చివర అర్థం కానిదేదో చీటీ మీద రాయించి, మర్నాటి పాఠం అక్కణ్ణుంచి ఎత్తుకునేది. పిల్లలు చీటీల మేడమ్ అని పేరు పెట్టేశారు.

మొదటి రోజే బాబాయ్‌కి ఒకటే జాగ్రత్త చెప్పింది. "బాబాయ్, రెండో ఓటు అయ్యేదాకా లెక్క తెర మీద పడకూడదు. పదిమంది ఎటున్నారో తెలిస్తే ఇంక ఎవడూ ఆలోచించడు, గుంపు వెనకే పోతాడు."

ఆమె మాట నిజమే. మొదట నూరు మంది నొక్కిన సరైన జవాబుని, వాదించుకున్నాక రెండు వందల మంది నొక్కేవారు. హాలంతా తేనెతుట్టె కదిపినట్టుండేది. ఒక్క తల వాలేది కాదు.

అదే గ్రామఫోను సారుకి కంట్లో నలుసయింది. ఆమె కాంట్రాక్టు పొడిగించాలా వద్దా తేల్చడానికి ప్రిన్సిపాలూ, తనూ, మరో ఇద్దరూ క్లాసు చూడ్డానికి వచ్చే రోజు పొద్దున్నే ఆయన ఆయాసపడుతూ అద్దాల గది మెట్లెక్కాడు. తన పాఠాలు రికార్డు చేయించి ఈ తెర మీదే వేయిస్తాననీ, దానికి పర్మినెంటు మనిషి కావాలనీ, కాగితం మీద బాబాయ్ పేరే రాస్తాననీ చెప్పాడు.

"మొదటి ఓటవగానే లెక్క చూపించు. అంతే. దొంగతనం కాదుగా," అన్నాడు.

ఆ రోజు ప్రశ్న: లారీ వచ్చి దోమని గుద్దితే, దేని మీద ఎక్కువ బలం పడుతుంది? వచ్చినవాళ్లు రెండు వందల ఎనభై మంది. దోమ మీదే అన్నవాళ్లు నూట యాభై ఆరు. రెండింటి మీదా సమానమే అన్నవాళ్లు నూట పన్నెండు. సమానమే ఒప్పు. దోమది తేలిక ఒళ్లు కాబట్టి చస్తుంది, అంతే తేడా. వాదించుకోవడానికి అంతకన్నా మంచి లెక్క దొరకదు.

బాబాయ్ నొక్కాడు.

తెర మీద పొడుగు గీతా పొట్టి గీతా పడ్డాయి. హాలు నవ్వింది. సమానమన్నవాళ్లు తలలు దించుకున్నారు. "మాట్లాడుకోండి," అంది మేడమ్. ఏం మాట్లాడతారు, తేలిపోయిందిగా? రెండో ఓటుకి దోమ రెండు వందల ఒకటి, సమానం డెబ్భై నాలుగు.

"మాట్లాడిస్తే ఉన్నది కూడా పోయిందేంటమ్మా?" అన్నాడు ప్రిన్సిపాలు.

లెక్క ముందే కనబడిందనీ, అలా కనబడకూడదనీ ఆమె చెప్పబోయింది. గ్రామఫోను సారు సాగనివ్వలేదు. పాఠం చెప్పడం రానివాళ్లే పిల్లల్ని మాట్లాడుకోమంటారని నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. అంతమంది పిల్లల ఎదుటే.

తర్వాత ఆమె పైకొచ్చింది. కోప్పడలేదు.

"ఎవరు చూపించమన్నారు బాబాయ్?"

"మిషనే చూపించిందమ్మా. చదువుకోనివాణ్ణి, నాకేం తెలుసు?"

ఆమె చీటీల కట్ట బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. పైచీటీలో, నాది ఒప్పే అనుకున్నాను, ఎందుకు మార్చుకున్నానో అర్థం కాలేదు, అని ఉంది. బాబాయ్ ఆ కట్టని చెత్తబుట్టలో పడేశాడు.

ఆమె కాంట్రాక్టు పోయింది. గ్రామఫోను పాఠాల రికార్డింగూ అయింది. అయితే తెర మీదకి రాలేదు, పిల్లల ఫోన్లకే పోయింది. ఇరవై మూడో నిమిషం జోకు ఇప్పుడు పడుకునే వినొచ్చు. హాలుకి తాళం పడింది. బాబాయ్ పర్మినెంటు ఉద్యోగానికి అర్జీ పట్టుకుని వెళితే, సారు తలెత్తకుండానే ఆ రోజు రిపోర్టు ముందుకి తోశాడు. అందులో, చదువుకోనివాడి చేతిలో మిషను పెట్టడమే తప్పని రాసుంది.

"నువ్వన్న మాటే కదయ్యా, మేడమ్‌తో. ఆమే చెప్పింది," అన్నాడు.

బాబాయ్‌కి పోయిన కూలి రోజుకి మూడు వందల అరవై, నెలకి ఇరవై ఆరు రోజులు. తొమ్మిది వేల మూడు వందల అరవై.