ఐదో వరస దగ్గర దారం

గుడియాత్తం కల్యాణమండపంలో ఆ రోజు నవ్విన నవ్వు రంగరాజులు చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. అంతమందిని నవ్వించింది ఎవరో కాదు, తనే. నవ్వులపాలైంది తన కన్నకూతురు ఉమామహేశ్వరి.

ఉమ సివిల్ డిప్లొమా చదివిన పిల్ల. పెద్ద పెద్ద భవనాలు కట్టే ఒక కంపెనీవాళ్ళు ఆమెను మూడు నెలలు చూద్దామని తీసుకున్నారు. పనేమిటంటే, సారం మీద పనిచేసే కూలీలకు, మేస్త్రీలకు జాగ్రత్తలు చెప్పడం. సారమంటే తెలుసుగా, గోడ పక్కన ఇనప గొట్టాలతో కట్టి, పలకలు పరిచి, దాని మీద నిలబడి పనిచేసేది. రెండు గంటల పాఠం అది. మొదటి పాఠం సొంత ఊళ్ళోనే పడింది. నూట ఇరవై మంది వచ్చారు. ముప్పై అయిదేళ్ళు తాపీ పట్టిన రంగరాజులు ఉతికిన పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

చెప్పిన సంగతుల్లో ఒక్క తప్పు లేదు. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. మొదట్లో గోడ మీద ప్రొజెక్టరుతో వెలుతురు బొమ్మ వేసి, ఇవ్వాళ చెప్పబోయేవి ఇవీ అని అక్షరాల్లో చూపించింది. సగం మందికి చదవడం రాదు. మిగిలిన సగం మంది కళ్ళజోళ్ళు తీసేలోగా ఆ బొమ్మ పోయింది. ఇక అక్కణ్ణుంచి కుళాయి తిప్పినట్టు ధారగా ఒకటే చెప్పడం. టీ తాగి లోపలికొచ్చిన వాళ్ళు సంగతి ఎక్కడిదాకా వచ్చిందో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రంగరాజులు కూడా చూశాడు. కాసేపు ఓపిక పట్టాడు. పట్టలేక లేచి నిలబడ్డాడు.

"ఉమా, ఇప్పుడు మనం యాడ ఉండామమ్మా?"

మండపం మొత్తం గొల్లుమంది. ఉమ మొహం ఎర్రగా కందిపోయింది.

పైగా చివర్లో, కంపెనీ పెద్ద నందకుమార్ ఒక మేస్త్రీని లేపి, సారం విప్పేటప్పుడు ఏది ముందు విప్పాలని అడిగితే, ఆయన హుషారుగా, "గోడకు కట్టిన గొట్టాలన్నీ ముందు పీకేస్తే మిగతాది సులువుగా వస్తాది సార్!" అన్నాడు. అలా పీకితే సారం మొత్తం మనిషితో సహా వీధిలోకి వాలుతుంది! ఉమ అరగంట చెప్పింది ఆ సంగతే.

నందకుమార్ మంచివాడే, కానీ మాట కచ్చితం. "వచ్చే శనివారం సత్తువాచారిలో ఇంకొకసారి చెప్పమ్మా. ఆ జనం సోమవారం పొద్దున ఆరంతస్తుల సారం ఎక్కేవాళ్ళు. వాళ్ళకు ఎక్కకపోతే నేను వేరేవాళ్ళను చూసుకోక తప్పదు."

ఉమ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "అందరూ నగినా పరవాలేదు నాయనా, నువ్వు కూడా అడగల్నా?" అంది.

మంగళవారం రంగరాజులు ఒక ప్రహరీగోడ పనిలో ఉన్నాడు. టీకి పోయి, అక్కడ ముచ్చట్లలో పడి, కాస్త ఆలస్యంగా వచ్చాడు. తాపీ అందుకున్నాడు, సన్నగా సిమెంటు పరిచాడు, ఇటుక పెట్టాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. రెండో ఇటుక చేతిలో ఉండగా ఆగిపోయాడు. ఎవరినీ అడగకుండా ఎలా పెట్టాడు?

దారం! గోడ ఈ చివర నుంచి ఆ చివరకు బిగించిన దారం. మూలలో నిలబెట్టిన కర్ర, దాని మీద ఒక్కో ఇటుక వరసకూ ఒక్కో గీత. వరస పూర్తయితే దారం ఒక గీత పైకెక్కుతుంది, అంతే. టీకి పోయినవాడు వచ్చినా, నిన్న రానివాడు ఇవాళ వచ్చినా, దారం చూస్తే చాలు గోడ ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది. ఎన్ని గీతలు మిగిలాయో, ఇంకెంత పనుందో కూడా తెలుస్తుంది.

సిమెంటు చేత్తోనే ఫోను నొక్కాడు.

"ఉమా! నీ మాటకు దారం లేదమ్మా! దారం కట్టల్ల!"

"ఏంది నాయనా, ఎండలో నిలబడినావా?"

"అరిసి చెప్తా ఉంటే ఎండ అంటావేంది! సాయంత్రం వస్తాను. నీ పాఠంలో ఎన్ని సంగతులు ఉండాయో లెక్కబెట్టి పెట్టు!"

సాయంత్రానికి ఉమ లెక్క తేల్చింది. మొత్తం ఏడు. నేల గట్టిదనం, నిలువు గొట్టాలు, పలకలు, పడిపోకుండా పట్టుకునే చేతి అడ్డం, సారాన్ని గోడకు బిగించే గోడకట్టు, నిచ్చెనా నడుముకు కట్టే బెల్టూ, చివరికి విప్పడం. రంగరాజులు ఆరడుగుల బద్ద చిత్రిక పట్టి, ఏడు గీతలు గీసి, ఒక్కో గీత పక్కన అక్షరం కాకుండా బొమ్మ వేయించాడు. పలక బొమ్మ, నిచ్చెన బొమ్మ, అలాగ. ఎర్ర నూలు దారం ఒకటి కట్టాడు.

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉమ వాళ్ళమ్మ సరసమ్మ ఒక్కతే సభ. ఉమ నిలబడి మొదలుపెట్టింది. "ఇప్పుడు మొదటి సంగతి చెప్పబోతా ఉండాను. మొదటి సంగతిలో మొదటి మాట చెప్తా ఉండాను. ఆ మాట చెప్పేసినాను. ఇప్పుడు రెండో మాటకు పోతా ఉండాను..."

సరసమ్మ కాయ పక్కన పెట్టింది. "ఏం పాపా, మీ నాయన ఒక్కో ఇటుకకూ దారం మారుస్తాడా? వరసకు కదా మార్చేది! ఇట్ల చెప్తే నేను మధ్యలో లేచి పోతాను, చిక్కుళ్ళు తీసుకోని."

రంగరాజులు నవ్వాడు. ఉమ కూడా నవ్వేసింది, ఆ వారంలో మొదటిసారి. అక్కణ్ణుంచి పని చకచకా సాగింది. ప్రతి వరస చివర మూడే మాటలు చాలనుకున్నారు. ఇది అయింది. దీంట్లో గుర్తుంచుకోవలసింది ఫలానాది. ఇక ఆ పైన ఇది. ఆ మూడూ అన్నాకే దారం ఎక్కించాలి, అనకముందు కాదు. ఎవరైనా అడిగి సంగతి పక్కకు పోతే, పక్కకు పోతున్నామని చెప్పి పోవాలి, తిరిగొచ్చినప్పుడు వచ్చామని చెప్పాలి. ఆఖరి వరసను ఆఖరిదని ముందే చెప్పాలి. అలా అంటే జారిన వీపులు కూడా నిటారుగా లేస్తాయని సరసమ్మ పందెం కట్టింది.

శనివారం సత్తువాచారిలో కంపెనీవాళ్ళ రేకుల షెడ్డు నిండిపోయింది. నూట యాభై మంది. వేలూరు వాళ్ళు, ఆర్కాడు వాళ్ళు, ఎక్కువమంది మన తెలుగిళ్ళ కూలీలే. రంగరాజులు ఈసారి వెనక వరసలో, నోరు మెదపనని భార్యకు మాటిచ్చి కూర్చున్నాడు. పక్కన చెల్లమ్మ, ఇటుకలు మోసి మోసి తల నెరిసిన మనిషి. చదవడం రాదు, భయం కూడా రాదు.

ఉమ బద్దను నిలబెట్టింది. "అప్పా, అమ్మా, ఇది ఈ పొద్దు మన గోడ. ఏడు వరసలు కడతాం. దారం యాడ ఉంటే మనం ఆడ ఉన్నట్టు. మూడో వరస అయినాక టీ. ఏడోది అయినాక ఇండ్లకు!"

"టీ వరస యాడ, కనపడలేదే!" అన్నారెవరో. నవ్వులు. అది మంచి నవ్వు. రంగరాజులు ఊపిరి పీల్చుకున్నాడు.

మొదటి వరస కట్టారు. "నేల వరస అయింది. మెత్త నేల మీద గొట్టం కింద చెక్క పెట్టకుండా నిలబెట్టొద్దు, అది మరవొద్దు. ఇంక నిలువు గొట్టాలు." దారం ఎక్కింది. నూట యాభై తలలు దారంతో పాటు ఎక్కాయి! రంగరాజులు కళ్ళారా చూశాడు. మూడో వరస అయ్యాక టీ తాగి వచ్చినవాళ్ళు తలుపు దగ్గరే ఆగి, బద్ద వైపు చూసి, గబగబా చోటు చూసుకుని కూర్చున్నారు. ఒక్కరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నాలుగో వరస మధ్యలో నెమిలి ఊరి నుంచి వ్యాను వచ్చింది. టైరు పంక్చరై ఆలస్యమైందట. అంజప్ప అనే మేస్త్రీ పదిమందితో లోపలికొచ్చి, "పాఠం అయిపోయిందా?" అని చెల్లమ్మ చెవిలో అడిగాడు.

"యాడప్పా, నాలుగో వరసే. దారం చూడు. కింద మూడు వరసలు బొమ్మలు ఉండాయి కదా, అవి నేను తర్వాత చెప్తాను. ఇప్పుడు గమ్మున విను."

ఇదంతా వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్న నందకుమార్ విన్నాడు. మొహంలో ఏమీ తెలియలేదు.

అప్పుడు వచ్చింది చిక్కు. ఆర్కాడు మేస్త్రీ ఒకాయన లేచి, చేతి అడ్డం ఉంటే బెల్టెందుకని గొడవ పెట్టుకున్నాడు. "బెల్టు ఆరో వరస అప్పా. సరే, ఒక నిమిషం పక్కకు పోతాం," అని ఉమ వెళ్ళింది. నిమిషం పావుగంటైంది. బెల్టు కొక్కెం సారానికి కాదు, తల కన్నా పైన గట్టి చోట తగిలించాలి అనే దాకా పోయింది. వాదన వేడెక్కింది, చప్పట్లు పడ్డాయి. ఆ ఊపులో ఉమ, "బెల్టు అయింది కదా, ఇంక ఆఖరి వరస, విప్పేది!" అంటూ దారం తీసి ఏడో గీత మీదికి ఎక్కించబోయింది.

రంగరాజులు సగం లేచాడు. ఐదోది! గోడకట్టు! గుడియాత్తంలో పోయింది అదే! నోరు తెరిచాడు. మాటిచ్చిన సంగతి గుర్తొచ్చి మూశాడు. మళ్ళీ తెరిచాడు.

ఈలోగా పక్కనున్న చెల్లమ్మ లేచింది.

"అమ్మా! ఐదో వరస కట్టలేదమ్మా! దారం ఎగరేసి పోతా ఉండావు, నడుమ గోడ లేదు!"

"అవునమ్మా, అవును! ఐదు! ఐదు!" షెడ్డు మొత్తం కేకలు. ముందు వరసలో ఇద్దరైతే లేచి వేళ్ళు చూపించారు. రేకులు అదిరాయి.

ఉమ చెయ్యి గాల్లోనే ఆగింది. బద్ద వంక చూసింది. జనం వంక చూసింది. నోరారా నవ్వింది. దారాన్ని ఐదో గీతకు దించింది.

"నా కన్నా మీకే బాగా తెలుస్తా ఉండాది. పక్కకు పోయినాం, మళ్ళా గోడ మీదికి వచ్చినాం. ఇప్పుడు ఐదో వరస, గోడకట్టు. అన్నిటి కన్నా ఇదే పెద్దది. సారం నిలబడేది గొట్టాల మీద కాదు, గోడను పట్టుకొని!"

ఇక ఆ పదిహేను నిమిషాలు షెడ్డులో దగ్గు కూడా వినబడలేదు. తామే పట్టుకున్న వరస కదా, తాము వినకపోతే ఎలా? బెల్టు వరస దగ్గర, "ఇది ముందే మాట్లాడేసినాం, నిచ్చెన ఒకటే మిగిలింది," అని చెప్పి దాటింది. "ఆఖరి వరస!" అనగానే వీపులన్నీ నిటారుగా లేచాయి. సరసమ్మ పందెం గెలిచింది.

అయిపోయాక నందకుమార్ ముందుకొచ్చాడు. అందరినీ ఒకసారి చూసి, కావాలనే ఆలస్యంగా వచ్చిన అంజప్పను లేపాడు. రంగరాజులు కళ్ళు మూసుకున్నాడు.

"విప్పేటప్పుడు ముందు ఏంది విప్పల్లప్పా?"

అంజప్ప బద్ద వైపు చూశాడు. ఏడో గీత మీద దారం ఉంది. దాని కిందకు, ఐదో గీతకు చూపు దించాడు.

"పైనుంచి కిందికి రావల్ల సార్. గోడకట్టు ముందే పీకకూడదు. మనం దిగి ఆ కట్టు దాకా వచ్చినాకే అది విప్పల్ల. కింద కట్లు ఆఖరు దాకా అట్లే ఉండల్ల."

"నువ్వు ఎప్పుడు వచ్చినావు?"

"నాలుగో వరసలో సార్!"

షెడ్డు ఈలలతో పేలిపోయింది. నందకుమార్ కూడా నవ్వాడు. "సోమవారం సారం కాడికి నువ్వు కూడా రా ఉమా. వచ్చే వారం ఆర్కాడు. బద్ద మరిచిపోవద్దు."

రంగరాజులు లేచి ముందుకు పరుగెత్తాడు. బద్దను తనే భుజానికెత్తుకున్నాడు. దారం విప్పబోతే ఉమ చెయ్యి పట్టుకుంది.

"నాయనా, ఇప్పుడు మనం యాడ ఉండాం?"

ఆయన ఏడో గీత మీద దారం చూశాడు. ఆ దారాన్ని అలాగే ఉంచి, బద్ద తలకిందులు కాకుండా, గొట్టాలు మోసేవాడిలా జనంలోంచి జాగ్రత్తగా మోసుకుంటూ బయటికి నడిచాడు.

"ఇండ్లకు పోయే కాడ ఉండామమ్మా!" అన్నాడు.