మా ఇంటి పాము

నాలుగు నెలల తరవాత మళ్ళీ పాఠం మొదలుపెట్టమని పాపారావు అడిగినప్పుడు అప్పలనరసింహం మాస్టారు కాదనలేకపోయారు. పాపారావు పలాస స్టేషన్‌లో బుకింగ్ గుమాస్తా. ఆదివారం ఆదివారం పాసింజరెక్కి టెక్కలి వచ్చి, మాస్టారి వీధరుగు మీద చాప పరుచుకుని కూర్చుని వేదాంతం వినేవాడు. అతనితో పాటు తాలూకా ఆఫీసు వాళ్ళు నలుగురైదుగురు వచ్చేవారు. మాస్టారు బడిలో సంస్కృతం చెప్పేవారు గానీ, ఆయన నిజమైన బడి ఈ అరుగే.

"వచ్చే ఆదివారం రండి," అన్నారు మాస్టారు.

అతను వెళ్ళాక లోపలికొచ్చి పుస్తకం తీశారు. గుర్తుగా పెట్టిన తాటాకు ముక్క పెట్టినచోటే ఉంది. ఆగిన పాఠం తాడూ పామూ. వచ్చే ఆదివారం చెప్పాల్సిందీ అదే. పుస్తకం మూసేశారు. ఆ పాఠం తను మళ్ళీ చెప్పగలడా, చెప్పే అర్హత ఉందా అన్నది ఆయన్ని ఆ వారమంతా తొలిచింది.

అరుగు మీదికొచ్చే వాళ్ళకి ఆ పాఠం వేరే పేరుతో తెలుసు. 'మా ఇంటి పాము' అనేవారు మాస్టారు దాన్ని. రెండేళ్ళ కిందట ఒక సంధ్యవేళ ఆయన భార్య లక్ష్మీకాంతమ్మ పెరట్లో నూతి దగ్గర కేకపెట్టింది. లాంతరు పట్టుకుని పరిగెత్తారు. నూతి గట్టు పక్కన చుట్టలు చుట్టుకుని పడివున్నది చేంతాడు. తాళ్ళమ్మే కన్నమ్మ దగ్గర కొన్న కొత్త పీచు తాడు. లక్ష్మీకాంతమ్మ వణుకుతూ గోడకి ఆనుకుని ఉంది. ఆయన లాంతరు వంచి చూపించి, "ఏదీ, చూడు, నీ పాము ఎక్కడికి పోయింది?" అని పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వుతూ ఉన్నా చేతులు చాలాసేపు వణికాయి.

ఎన్నాళ్ళ నుంచో పుస్తకంలో చదివిన పాము సొంత పెరట్లో దొరికింది ఆయనకి. ఆ ఆదివారమే అరుగు మీద చెప్పారు. తరవాత ఏ సందేహం వచ్చినా "మా ఇంటి పాము సంగతి చూడండి" అనేవారు. వాళ్ళు నవ్వేవారు. లోపల కాఫీ కలుపుతూ ఆవిడ వినేది.

భయం అజ్ఞానమని ఆయన ఇంట్లో కూడా అనేవారు. చెడ్డగా కాదు. మంచి విద్యార్థికి చెప్పినట్టే చెప్పేవారు. ఆవిడ తలూపేది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆయన చెప్పినవాటిల్లో ఆవిడ మనసుకి పట్టించుకున్నది ఈ ఒక్కటేనేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

నాలుగు నెలల కిందట, శ్రావణంలో ఒక ఆదివారం. వాన వెలిసింది. అరుగు మీద పాఠం నడుస్తోంది. అక్షరాలు కనపడక లాంతరు వెలిగించి పుస్తకం పక్కన పెట్టుకున్నారు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క లాంతరే. లక్ష్మీకాంతమ్మ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. చేతిలో ఖాళీ బిందె. కళ్ళు లాంతరు మీద ఉన్నాయి. ఆయన తలెత్తి, "ఏం, మళ్ళీ పామేనా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి, "అబ్బే, లేదులెండి" అని వెనక్కి తిరిగింది.

ఎంతోసేపు కాలేదు. బిందె దొర్లిన చప్పుడైంది.

కుడిచేతి మీద రెండు గాట్లు. నూతి గట్టు పక్కనుంచి నాగుపాము గోడ కన్నంలోకి జారుకుంటుంటే లాంతరు వెలుగులో తోక మాత్రం కనపడింది. చేంతాడు గిలక మీదే ఉంది. బండి కట్టించారు, దారిలోనే కళ్ళు వాలిపోయాయి. నాలిక మందమై మాట ముద్దగా వచ్చింది. "తాడనుకున్నానండీ," అంది. ఆ మాటలో భయం లేదు. ఒక పాఠం తప్పు చెప్పినందుకు సిగ్గుపడినట్టుంది. పలాస ఆసుపత్రికి చేరక ముందే పోయింది.

గుమ్మం దగ్గర తను అన్న మాట మాస్టారు ఎవరితోనూ అనలేదు. విన్నవాళ్ళు నలుగురూ మరిచిపోయినట్టే ఉన్నారు. అందరికీ నవ్వులాట కదా.

పాఠం రెండు రోజులుందనగా, శుక్రవారం నాడు కన్నమ్మ వచ్చింది. ఉద్దానంలో సముద్రపొడ్డున వాళ్ళది పల్లె. మగవాళ్ళు చేపల వేటకెళతారు, ఆడవాళ్ళు పీచు నానబెట్టి తాళ్ళు పేనుతారు. ఏడాదికి రెండుసార్లు తాళ్ళూ కొబ్బరికాయలూ గంపలో పెట్టుకుని టెక్కలి వస్తుంది.

"అమ్మగోరూ! ఓలమ్మా, ఏటి ఇంత సల్లగున్నాది ఇల్లు? బయటికి రావా, మంచి తాడు తెచ్చినాను!" అంటూ గంప దించి, మాస్టారి మొహం చూసి ఆగిపోయింది. "ఏటి బాబూ? అమ్మగోరేరీ?"

ఆయన చెప్పారు. పాము అన్నారు, నూతి దగ్గర అన్నారు. కన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవార కూలబడింది. కాసేపు ఏడ్చింది. తరవాత గంపలోని తాడు చుట్ట మీద చెయ్యి వేసి, తనలో తను అన్నట్టుగా అంది.

"సెప్పినాను బాబూ. సిలక్కి సెప్పినట్టు సెప్పినాను. ఇనుకోనేదు."

"ఏం చెప్పావు?"

"కిందటేడు వచ్చినప్పుడు. పొద్దు గూకీయాల. నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, 'సూడవే కన్నమ్మా, నాకు బయం పోయింది' అన్నాది. కళ్ళు మూసుకున్నాది బాబూ! కళ్ళు మూసుకుని, వొంగి, కింద పడున్న తాడు గబుక్కుని అట్టుకున్నాది. 'రోజూ దీపం నేకుండా ఇలాగే సేత్తన్నాను. మా ఆయనగారు సెప్పినారు, అది తాడేనట, పాము నా మనసులో ఉన్నాదట' అన్నాది. సిన్నపిల్లలాగ నవ్వినాది."

మాస్టారు స్తంభం పట్టుకున్నారు.

"నానన్నాను, 'ఓలమ్మా, మా వలలు లాగితే తాళ్ళూ పాములూ కలిసే వత్తాయి. పుట్టినకాడ్నించీ లాగుతున్నోళ్ళు కూడా సూసి సెయ్యెడతారు. తాడే అయినా సూసి సెయ్యెట్టమ్మా' అని. అమ్మగోరేటన్నాదో తెలుసా? 'సూసి అట్టుకుంటే గొప్పేటుంది, మా ఆయన మాట మీద అట్టుకుంటన్నా' అన్నాది."

కన్నమ్మ ముక్కు చీదుకుని లేచింది. కొత్త తాడు చుట్ట తీసి గుమ్మంలో పెట్టబోయి, మళ్ళీ ఏమనుకుందో గంపలోకి తీసుకుంది. "ఇప్పుడొద్దులే బాబూ," అని వెళ్ళిపోయింది.

ఆదివారం అందరూ వచ్చారు. పాపారావు మాస్టారికి ఎదురుగా కూర్చున్నాడు. వెలుతురు ఉండగానే పాఠం మొదలుపెట్టారు.

"జగత్తుని తాడు మీద కనపడిన పాముతో ఎందుకు పోల్చారో ఇన్నాళ్ళూ తేలిగ్గా చెప్పాను. ఇవాళ సరిగ్గా చెబుతాను," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది.

"కటిక చీకట్లో పాము కనపడదు. మంచి వెలుగులోనూ కనపడదు. మసకలో కనపడుతుంది. ఎందుకని? అక్కడ ఏదో ఉందని తెలియాలి, అదేదో తెలియకూడదు. 'ఇది' అన్నంతవరకు కళ్ళకి అందింది. 'తాడు' అన్నది కప్పబడిపోయింది. ఆ కప్పడం ఆవరణం. కప్పిన చోట ఖాళీ ఉండదు. ఎప్పుడో చూసిన పాము జ్ఞాపకం వచ్చి అక్కడ కూర్చుంటుంది. అది విక్షేపం. పామన్నదే ఎరగని వాడికి ఆ పాము కనపడదు."

తాలూకా ఆఫీసు గుమాస్తా ఒకాయన తలూపాడు.

"ఆ పాము ఉందా? దీపం తెస్తే ఉండదు కనక ఉందనలేం. పోనీ, కుందేటి కొమ్ములాగా బొత్తిగా లేనిదా? కుందేటి కొమ్ముని చూసి ఎవరూ వణకరు. ఈ పాముకి వణికారు, చెమటలు పట్టాయి. లేదని కూడా అనలేం. ఉందనీ లేదనీ చెప్పడానికి వీల్లేని దాన్నే మిథ్య అన్నారు. మిథ్య అంటే లేదని కాదు. పాలు పెరుగైనట్టు తాడు పాము కాలేదు. తాడు తాడుగానే ఉంది. కర్రతో కొడితే ఆ పాము చావదు, మంత్రం వేస్తే పోదు. దీపం తెస్తే పోతుంది. దీపం కూడా పాముని తరమలేదు, తాడుని చూపించిందంతే. ఇంకొకటి. 'పాము ఉంది' అన్నప్పుడు ఆ 'ఉంది' పాముది కాదు, తాడుది. ఎరువు తెచ్చుకున్న ఉనికి. జగత్తు ఉంది, నేనున్నాను, మీరున్నారు అంటున్నామే, ఆ ఉండటమంతా బ్రహ్మానిది. అందుకే ఆ పోలిక."

ఊపిరి తీసుకున్నారు. పాపారావు ముందుకి జరిగాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఓదార్చాలని నాలుగు నెలలుగా దాచుకున్న మాట బయటపెట్టాడు.

"మాస్టారండీ, తప్పయితే క్షమించండి. అమ్మగారు పోవడమూ అలాటిదే కదండీ. పోయిందనుకోడం మన భ్రమే కదండీ."

మాస్టారు అతని వైపు చాలాసేపు చూశారు. అతని గొంతులో తన గొంతు వినపడింది.

"దీపం లేకుండా అనకు పాపారావూ," అన్నారు. "తాడుని పామనడం ఒక భ్రమ. చూడకుండా పాముని తాడనడం రెండో భ్రమ. అక్కడ కప్పబడినది తాడు, ఇక్కడ కప్పబడినది పాము. పని ఒక్కటే. కలలో పాము కరిస్తే మెలకువే మందు. మెలకువలో పాము కరిస్తే వైద్యుడే కావాలి, వేదాంతం కాదు. ఈ లోకంలో ఉన్నంతకాలం పాము పామే, తాడు తాడే. బ్రహ్మజ్ఞానం కలిగినవాడికి ఎలా ఉంటుందో నాకు తెలీదు. నేను చూడలేదు. చూసినట్టు చెప్పాను."

తెరిచిన పుస్తకం మూశారు మాస్టారు.

"నమ్మదగినవాడు 'అది తాడు' అంటే ఆ మాటతోనే పాము పోతుందని శాస్త్రం. నిజమే. అయితే అతను అప్పుడు, అక్కడ, ఆ తాడుని చూసి చెప్పాలి. నేను ఒకనాటి తాడుని చూసి అన్ని రోజులకీ సరిపోయేటట్టు చెప్పాను. మా ఆవిడ నా మాట పట్టుకుని చెయ్యి పెట్టింది. ఆ రోజు గుమ్మం దగ్గరికి దీపం కోసం వచ్చింది. దీపం ఇక్కడ ఉంది." పుస్తకం పక్కన ఖాళీ చోటు చూపించారు. "మీరందరూ ఉన్నారు. నేనేమన్నానో మీకు గుర్తుందా?"

పాపారావు తల వంచుకున్నాడు. అతనికి గుర్తుంది. నవ్విన వాళ్ళందరికీ గుర్తుంది.

"పాఠం తప్పు కాదు," అన్నారు మాస్టారు. "అది రాసుకోండి. చెప్పినవాడిది తప్పు."

ఎవరూ రాసుకోలేదు. ఒకరి తరవాత ఒకరు లేచి, చాపలు చుట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళారు. పాపారావు ఆఖరున ఆయన పాదాలకి దణ్ణం పెట్టబోతే ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

వెలుగు పలచబడింది. మాస్టారు లోపలికెళ్ళి లాంతరు దించారు. గాజు తుడిచారు, వత్తి సరిచేశారు, వెలిగించారు. ఈ నాలుగు నెలల్లోనూ సంధ్యవేళ ఆయన పెరట్లోకి వెళ్ళలేదు. ఇప్పుడు లాంతరు పట్టుకుని తలుపు తీశారు. లాంతరు వెలుగు ఇంకా అందని నూతి దగ్గర మసకగా ఏదో చుట్ట చుట్టుకుని పడి ఉంది. 'ఇది' అన్నంతవరకే కనపడుతోంది.

చేతులు వణికాయి. వణుకు అబద్ధం కాదు.

"ఆగు," అన్నారు గట్టిగా, ఖాళీ పెరటితో. "చెయ్యి పెట్టకు. వస్తున్నా, దీపం తెస్తున్నా."