సిగరెట్టు తాగనివాడు

సిగరెట్టు తాగేవాళ్లంటే పెయింటరుకు మహా చిన్నచూపు. తాళ్లకు వేలాడుతూ మేడల గోడలకు రంగులేసే మొనగాడు మరి! "ఊపిరి తగలేసుకునే వెధవలు" అని తోటివాళ్లను ఈసడిస్తూనే, ఒక సిగరెట్టు చింపి, పొగాకు అరచేతిలోకి దులిపి, గంజాయి కలిపి, కాగితంలో చుట్టుకునేవాడు. రోజుకు నాలుగైదు. ఆయనగారి శాస్త్రంలో అది పొగాకు కాదట, గంజాయి సరిగ్గా కాలడానికి వేసే పొట్టట. చెప్పి చెప్పి భార్య నోరు నొప్పెట్టింది.

తాడు జారి పడ్డాడు. మోకాలి కింద విరిగిన ఎముక నెలలు గడిచినా అతకలేదు. మళ్లీ ఆపరేషన్ చేయాలని, పొగాకు పూర్తిగా మానితేనే చేస్తానని, లేకపోతే ఆ ఎముక అతకదని డాక్టరు తేల్చేశాడు. ఎముక అతకకపోతే మళ్లీ తాడెక్కడం కల్ల.

"నాకా అలవాటే లేదండీ" అన్నాడు పెయింటరు.

మూత్రపరీక్షలో నికోటిన్ జాడ బయటపడింది.

"మిషన్ చెడిపోయింది."

"మిషనుకేం రోగం? రోగం మీకే" అంది భార్య. "ఆ చుట్టలో సగం మా పుట్టింటివాళ్లు పంపిన వామా?"

ఆసుపత్రిలో వ్యసనాలు మాన్పించే కౌన్సిలరమ్మ ఓపిగ్గా చెప్పింది. "పొద్దున లేవగానే, తర్వాత గంటా రెండు గంటలకోసారి మీకు పుట్టే చిరాకులో ఎక్కువభాగం నికోటిన్‌దే. మీరేమో దాన్ని గంజాయి కోసం అనుకుంటారు. ఒకటే మానితే, రెండోది దాన్ని మళ్లీ లాక్కొస్తుంది. రెండూ కలిపి మానండి, మందులిస్తాం."

"గంజాయి ఒక్కటీ మానేస్తే సరి" అని మందులు వద్దన్నాడు మహానుభావుడు.

మానేశాడు కూడా. నిద్ర లేదు, చెమటలు, పీడకలలు, గిన్నె కదిలినా అరుపులు. భార్య భరించింది. రోజులు గడిచేకొద్దీ శాంతించాడు. పరవాలేదు, గట్టివాడే అనుకుని కాస్త గర్వపడింది పిచ్చిది.

రెండోసారి పరీక్షలోనూ అదే జాడ. ఆపరేషన్ వాయిదా. కబురు చెప్పడానికి భార్య వెతుక్కుంటూ వెళ్తే, ఆసుపత్రి వెనక బండ్ల మధ్య చంకకర్రల మీద వాలి, దర్జాగా సిగరెట్టు పీలుస్తున్నాడు.

"గంజాయి మానాను కదే! ఆ మాత్రం ఆసరా లేకపోతే ఎలా?"

"శభాష్! పేడ కడుక్కోమంటే బురదలో పడ్డట్టుంది" అంది. "ఆపరేషన్ లేదట. ఇంటికి పోదాం పదండి, కాలెలాగూ అక్కర్లేదుగా."

ఆయన ముఖం పాలిపోయింది. సిగరెట్టు కింద పడేశాడు. మరుక్షణమే వంగి, కర్ర జారుతున్నా లెక్కచెయ్యక, దాన్ని వెతుక్కున్నాడు. దొరికాక అలాగే పట్టుకుని చూశాడు.

"మానలేకపోతున్నానే" అన్నాడు. "దీన్నీ, దాన్నీ కూడా."

ఆ మాట ఎప్పుడు వస్తుందా, ఎలా దెప్పుదామా అని ఇన్నాళ్లూ కాచుకుందామె. తీరా వచ్చాక దెప్పబుద్ధి కాలేదు, ఏడుపొచ్చింది. చంకకర్ర సరిచేసి, కౌన్సిలరమ్మ గది వైపు నడిపించింది.