లింగమూర్తి అడిగిన నకలు

లింగమూర్తి కడుపుమంటంతా బామ్మర్ది మధుకర్ మీదే. గచ్చిబౌలిలో కంపెనీల రోడ్డు వెడల్పు చేసినప్పుడు లింగమూర్తి జాగా పోయింది, పరిహారం రాలేదు. "ఫైలు నడుస్తుంది బావా, ఫికర్ చెయ్యకు" అంటూ, పరిహారం తానే ఇప్పిస్తానన్న మధుకర్ రెండేళ్లు నెట్టుకొచ్చాడు.

చివరికి లింగమూర్తి ఐదు రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, ఆ ఫైలు నకలు కావాలని తహసీల్దారు ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు ఇచ్చాడు.

"రోడ్డు ఫైళ్లు కలెక్టరాఫీసుల ఉంటయే అన్నా" అంది గుమాస్తా సీతాబాయి.

"అయితే ఐదు రోజుల్ల మీరే అటు పంపాలె గదమ్మా, చట్టంల ఉంది."

"అబ్బో, వకీలు సాబ్!"

తీసుకుంది గానీ పంపలేదు. ముప్పై రోజులు దాటగానే అతను అక్కడి పై అధికారికి మొదటి అప్పీలు వేశాడు. దానికి ఫీజు లేదు. ఆయన ఆర్డరుతో దరఖాస్తు కలెక్టరాఫీసుకు వెళ్లింది. పేజీకి రెండు రూపాయలు కట్టాక నకలు చేతికొచ్చింది.

జాగాను రోడ్డుకు ఉచితంగా ఇస్తున్నానని అందులో ఉంది. కింద సంతకం తనదే. కరెంటు మీటరు కోసమని మధుకర్ తెల్లకాగితం మీద పెట్టించుకున్నది. తన జాగా వెనక ఉన్న మధుకర్ ప్లాటు ఇప్పుడు నేరుగా రోడ్డుకు ఆనుకుని ఉంది.

లింగమూర్తికి పోయింది అరవై రెండు గజాలు.